మూడో వరుస తప్పితే జాకోబీ తప్పినట్టేనా?

ఏదో ఒక ఊహతో మొదలుపెట్టి, అడుగడుగునా సరిదిద్దుకుంటూ సమీకరణాలను సాధించే జాకోబీ పద్ధతి ఎప్పుడు పనిచేస్తుందన్నది మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒక్క వాక్యంలో చెప్పేస్తారు. ప్రతి అడ్డు వరుసలోనూ వికర్ణం మీదున్న సంఖ్య, పక్కనున్న మిగతా సంఖ్యల మొత్తం కన్నా పెద్దదిగా ఉంటే, గుర్తులు పట్టించుకోకుండా పరమ మూల్యాలే లెక్కలోకి తీసుకుంటే, ఇటరేషన్ కన్వర్జ్ అవుతుంది. ఈ షరతునే డయాగొనల్ డామినెన్స్ అంటారు. ఇది నిజమే. చిక్కంతా పిల్లలు దీన్ని తిరగేసి రాయడంలో ఉంది: "మూడో వరుసలో డయాగొనల్ డామినెన్స్ లేదు, కాబట్టి జాకోబీ కన్వర్జ్ కాదు." పేపర్లు దిద్దేటప్పుడు ఈ జవాబు నాకు తరచుగా కనిపిస్తుంది. ఒకసారి నాకిచ్చిన ఆన్సర్ కీలోనే ఈ వాక్యం ఉంది, దానికి పూర్తి మార్కులు వేయమని కూడా ఉంది. ఇది తప్పని చెప్పి వదిలేస్తే సరిపోదు. ఆ పరీక్ష అసలు ఏ ప్రశ్నకు జవాబిస్తుందో తెలిస్తే గానీ ఎందుకు తప్పో అర్థం కాదు. అందుకు గెర్ష్‌గోరిన్ డిస్కుల దాకా వెళ్ళాలి.

సెమియోన్ గెర్ష్‌గోరిన్ 1931లో సోవియట్ అకాడమీ పత్రికలో జర్మన్ భాషలో ఒక చిన్న వ్యాసం రాశాడు. అందులోని విషయం చాలా సులువు. ఒక మాత్రికలో ఒక్కో అడ్డు వరుసకు సంకీర్ణ తలం మీద ఒక్కో డిస్క్ గీయండి. వికర్ణం మీది సంఖ్య కేంద్రం. ఆ వరుసలో మిగతా సంఖ్యల పరమ మూల్యాల మొత్తం వ్యాసార్ధం. మాత్రిక ఐగెన్ విలువలన్నీ ఈ డిస్కులన్నీ కలిసి కప్పే ప్రాంతంలోనే ఉంటాయి, బయట ఒక్కటి కూడా ఉండదు.

దీని నిరూపణ రెండు లైన్లే కానీ, ముందు ముందు పనికొస్తుంది కాబట్టి చెబుతాను. ఒక ఐగెన్ విలువ λ, దాని ఐగెన్ వెక్టర్ x తీసుకోండి. x భాగాల్లో పరిమాణంలో అన్నింటికన్నా పెద్దది ఎక్కడుందో చూడండి, అది i-వ స్థానం అనుకుందాం. i-వ వరుస సమీకరణంలో వికర్ణ పదాన్ని ఎడమకు తెస్తే, ఎడమ పక్క (λ − aᵢᵢ)xᵢ, కుడి పక్క మిగతా aᵢⱼxⱼ పదాల మొత్తం. రెండు పక్కలనూ xᵢతో భాగిస్తే కుడి పక్క ప్రతి xⱼ/xᵢ పరిమాణం ఒకటికి మించదు, ఎందుకంటే xᵢ అన్నింటికన్నా పెద్దది. అంటే λకూ aᵢᵢకూ మధ్య దూరం ఆ వరుస వ్యాసార్ధాన్ని దాటదు. అంతే. ఇందులో ఎక్కడా గుర్తులు వాడుకోలేదన్నది గమనించండి. ప్లస్సా మైనస్సా అన్న సమాచారాన్ని పరిమాణాలు తీసుకోగానే పక్కన పెట్టేశాం.

ఇప్పుడు జాకోబీ సంగతి. చాలామంది డిస్కులను A మాత్రికకే గీసి, సున్నా వాటికి బయట ఉందా లేదా చూసి, జాకోబీ గురించి తీర్పు చెప్పేస్తారు. A డిస్కుల్లో సున్నా లేకపోతే A విలోమనీయం, అంటే Ax = b కి ఒకే ఒక సాధన ఉంది. సున్నా ప్రతి డిస్కుకూ బయట ఉండటమంటే వరుస పరీక్ష నెగ్గడమే, కానీ జాకోబీ ఎంత వేగంగా నడుస్తుందో A ఐగెన్ విలువలు చెప్పవు. జాకోబీ నడిచేది A మీద కాదు. ప్రతి సమీకరణాన్నీ దాని వికర్ణ పదంతో భాగించి, మిగతా పదాలను కుడి పక్కకు పంపితే వచ్చే J మాత్రిక మీద నడుస్తుంది. J వికర్ణమంతా సున్నాలే. అందుకే J డిస్కులన్నిటికీ కేంద్రం ఒకటే, మూలబిందువు. వ్యాసార్ధాలు మాత్రం వేరు వేరు. ప్రతి అడుగులో దోషం J తో గుణించబడుతూ పోతుంది కాబట్టి, J ఐగెన్ విలువలన్నీ ఒకటి వ్యాసార్ధం ఉన్న వృత్తం లోపల ఉంటేనే జాకోబీ ఏ ఆరంభ విలువతోనైనా కన్వర్జ్ అవుతుంది. వాటిలో పరిమాణంలో అతి పెద్దదే స్పెక్ట్రల్ రేడియస్. వేగం తేలేది దాన్ని బట్టే.

A డిస్కులకు, జాకోబీ వేగానికి సంబంధం లేదని ఒక చిన్న పనితో తేలిపోతుంది. మూడో సమీకరణాన్ని వందతో గుణించండి. A లో మూడో డిస్క్ కేంద్రం వంద రెట్లు దూరం పోతుంది, వ్యాసార్ధం వంద రెట్లు పెరుగుతుంది. బొమ్మ మొత్తం మారిపోతుంది. జాకోబీ అంకెలు మాత్రం ఒక్క దశాంశం కూడా మారవు, ఎందుకంటే వికర్ణంతో భాగించగానే ఆ వంద కొట్టుకుపోతుంది. కాబట్టి ప్రశ్న జాకోబీ గురించైతే డిస్కులను J కే గీయాలి.

ఒక ఉదాహరణ పూర్తిగా చేద్దాం.

```
8x + 2y +  z = 11
3x + 6y + 2z = 11
6x +  y + 5z = 12
```

సాధన x = y = z = 1. J డిస్కుల వ్యాసార్ధాలు: మొదటి వరుసకు 3/8 = 0.375, రెండోదానికి 5/6 = 0.833, మూడోదానికి 7/5 = 1.4. మూడో వరుస తప్పింది. నిలువు వరుసలతో ప్రయత్నిద్దామంటే మొదటి నిలువు వరుసలో 3 + 6 = 9, వికర్ణం మీద 8, అదీ తప్పింది. సమీకరణాల వరుస మార్చి చూద్దామన్నా లాభం లేదు. మొదటి, మూడో సమీకరణాలు రెండింటిలోనూ పెద్ద గుణకం x దే, ఇద్దరికీ ఒకే కుర్చీ ఇవ్వలేం. ఆన్సర్ కీ ప్రకారం కథ ఇక్కడితో ముగిసింది.

సున్నాల నుంచి మొదలుపెట్టి నడిపి చూడండి. మొదటి అడుగులో (1.375, 1.833, 2.4) వస్తుంది. మొదట ప్రతి దోషం పరిమాణం 1 ఉండేది, ఇప్పుడు అతి పెద్ద దోషం 1.4. ఈ 1.4 మూడో డిస్క్ వ్యాసార్ధమే. ఆ తర్వాతి అడుగుల్లో అతి పెద్ద దోషం 0.654, 0.591, 0.368 అని తగ్గుతూ పోతుంది. మొదటి అడుగులో పెరిగి, తర్వాత బుద్ధిగా సాధన దగ్గరికి చేరుతుంది. J స్పెక్ట్రల్ రేడియస్ లెక్కిస్తే సుమారు 0.708. అంటే దాదాపు ఏడు అడుగులకు ఒక దశాంశ స్థానం చొప్పున కచ్చితత్వం వస్తుంది.

ఇక్కడే వరుస మొత్తం అసలు ఏం కొలుస్తుందో కనిపిస్తుంది. ఒక్క అడుగులో, అన్ని భాగాల దోషాలనూ ఒకే కొలతతో కొలిస్తే, అతి పెద్ద దోషం ఎంత పెరగగలదో అది చెబుతుంది. మొదటి అడుగులో 1.4 రెట్లు పెరగవచ్చంది, పెరిగింది కూడా. అది అబద్ధం చెప్పలేదు. నూరు అడుగుల తర్వాత ఏమవుతుందో అది చెప్పలేదు, మనమే చెప్పించాం.

"ఒకే కొలతతో" అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. నా అసలు వాదన అక్కడే ఉంది. x మీటర్లలో, z కిలోమీటర్లలో ఉంటే? z ని ఇంకో యూనిట్‌లో రాస్తే మూడో నిలువు వరుసలోని గుణకాలన్నీ ఒకే సంఖ్యతో గుణించబడతాయి. సమస్య మారదు. జాకోబీ నడక కూడా మారదు, ప్రతి అడుగులో వచ్చే z అదే పొడవు, పక్కన రాసే యూనిట్ వేరు, అంతే. కానీ వరుస మొత్తాలు మారిపోతాయి. జాకోబీకి పట్టని మార్పు ఈ పరీక్షకు పట్టిందంటే, పరీక్ష తప్పిందన్న వార్తలో కొంత భాగం మనం ఎంచుకున్న యూనిట్ల గురించే.

మన ఉదాహరణలో y ని 1.5Y గా, z ని 2Z గా రాయండి. రెండో నిలువు వరుస 1.5 తో, మూడోది 2 తో గుణించబడతాయి.

```
8    3    2
3    9    4
6    1.5  10
```

ఇప్పుడు చూడండి. మొదటి వరుసలో 5 < 8, రెండోదానిలో 7 < 9, మూడోదానిలో 7.5 < 10. ప్రతి వరుసలోనూ వికర్ణానిదే పైచేయి. అవే సమీకరణాలు, అదే జాకోబీ. J డిస్కుల వ్యాసార్ధాలు 0.625, 0.778, 0.75. అన్నీ ఒకటి లోపే, కాబట్టి కన్వర్జ్ అవుతుందని ఇప్పుడు నిరూపణ ఉంది. పైగా కొత్త కొలతలో దోషం ప్రతి అడుగులోనూ కనీసం 0.778 రెట్లకు తగ్గాలి. పాత దోషాల్లో రెండోదాన్ని 1.5 తో, మూడోదాన్ని 2 తో భాగించి అతి పెద్దది తీసుకుంటే 1, 0.7, 0.436, 0.295, 0.212 వస్తాయి. మధ్యలో ఎక్కడా పెరగలేదు. ఇందాక 1.4 గా కనిపించిన పెరుగుదల ఈ కొలతలో లేనే లేదు.

నిరూపణ కూడా కొత్తగా వెతుక్కోనక్కర్లేదు. ఇందాక అతి పెద్ద xᵢ ని ఎంచుకున్నాం, ఇప్పుడు అతి పెద్ద xᵢ/wᵢ ని ఎంచుకుంటే చాలు. ఇక్కడ wᵢ మనం ఇచ్చిన ధన భారాలు, మన ఉదాహరణలో 1, 1.5, 2. మిగతా వాదన యథాతథం.

ఈ భారాలు ఎక్కడి నుంచి వస్తాయని పిల్లలు అడుగుతారు, న్యాయమైన ప్రశ్న. ఊహించనక్కర్లేదు. J లోని సంఖ్యల పరమ మూల్యాలతో ఒక మాత్రిక B చేయండి. అన్నీ ఒకట్లున్న వెక్టర్‌తో మొదలుపెట్టి B తో గుణిస్తూ పోండి. ప్రతిసారీ కొత్త భాగాన్ని పాత భాగంతో భాగించి, వచ్చిన నిష్పత్తుల్లో పెద్దదాన్ని చూడండి. అది ఒకటి కన్నా తక్కువైన క్షణాన పని అయిపోయినట్టే, ఆ పాత వెక్టరే మీకు కావలసిన భారాలు.

```python
import numpy as np
A = np.array([[8,2,1],[3,6,2],[6,1,5]], float)
B = np.abs(A) / np.abs(np.diag(A))[:, None]
np.fill_diagonal(B, 0)
w = np.ones(3)
for k in range(4):
    v = B @ w
    print((v/w).min(), (v/w).max())
    w = v
```

దీనిలో పెద్ద నిష్పత్తి వరుసగా 1.4, 1.022, 0.958, 0.799 వస్తుంది. మొదటి సంఖ్య క్లాసులో చెప్పే పరీక్షే. అక్కడ ఆగిపోయినవాళ్ళు "కన్వర్జ్ కాదు" అని రాశారు. ఇంకో రెండు గుణకారాలు చేసి ఉంటే నిరూపణ చేతికొచ్చేది. చిన్న నిష్పత్తి 0.375, 0.440, 0.607, 0.623 గా వస్తుంది. B స్పెక్ట్రల్ రేడియస్ ఎప్పుడూ ఈ రెండింటి మధ్యే ఉంటుంది, 0.708 అలాగే ఉంది. చిన్నది ఒకటి దాటితే ఏ భారాలు వేసినా డిస్కులు ఒకటి లోపలికి రావని అర్థం, ఇక వెతుకులాట ఆపేయవచ్చు. ఒక జాగ్రత్త: కొన్ని మాత్రికల్లో ఈ నిష్పత్తులు స్థిరపడకుండా అటూ ఇటూ ఊగుతాయి, ఒక వరుసలో వికర్ణం తప్ప ఏమీ లేకపోతే భారం సున్నా అయిపోతుంది. చివరి లైన్ `w = v + w` అని మారిస్తే రెండు ఇబ్బందులూ తీరతాయి.

అయితే చిన్న నిష్పత్తి కూడా ఒకటి దాటిందనుకుందాం. అప్పుడైనా జాకోబీ డైవర్జ్ అవుతుందని రాయవచ్చా? రాయకూడదు. నిరూపణలో పక్కన పెట్టేసిన గుర్తుల సంగతి ఇక్కడ బయటపడుతుంది.

```
1   2  -2
1   1   1
2   2   1
```

J డిస్కుల వ్యాసార్ధాలు 4, 2, 4. చూస్తేనే భయం వేస్తుంది. కానీ J లక్షణ బహుపది లెక్కించండి. λ గుణకానికి మూడు జతల లబ్ధాలు కావాలి. అవి 2, −4, 2, మొత్తం సున్నా. నిర్ధారకంలో రెండు పదాలు −4, 4, మొత్తం సున్నా. మిగిలింది λ³ = 0. J ఐగెన్ విలువలు మూడూ సున్నాయే, J ని మూడుసార్లు గుణిస్తే సున్నా మాత్రిక వస్తుంది. అంటే జాకోబీ ఏ ఆరంభం నుంచైనా మూడు అడుగుల్లో కచ్చితమైన సాధనకు చేరుతుంది. దోషం మధ్యలో పెద్దదవుతుంది, మూడో అడుగులో మొత్తం మాయమవుతుంది. కొత్తగా వచ్చిన విలువను అదే అడుగులో వాడేసుకునే, జాకోబీ కన్నా ఎప్పుడూ మెరుగని చాలామంది నమ్మే గాస్-సైడల్ ఇదే మాత్రిక మీద డైవర్జ్ అవుతుంది, దాని స్పెక్ట్రల్ రేడియస్ 2.

ఇప్పుడు పై వరుసలోని −2 ని +2 చేయండి. డిస్కులు ఏమాత్రం మారవు: మళ్ళీ 4, 2, 4. కానీ లక్షణ సమీకరణం λ³ − 8λ + 8 = 0 అవుతుంది. దాని మూలాలు 2, −1 + √5, −1 − √5. చివరిది పరిమాణంలో 3.236. దోషం ప్రతి అడుగులో మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. ఒకే డిస్కులున్న రెండు మాత్రికల్లో ఒకటి మూడు అడుగుల్లో ముగిసింది, ఇంకోటి ఎప్పటికీ ముగియదు. కాబట్టి డిస్కులను మాత్రమే చూసి "కన్వర్జ్ కాదు" అని చెప్పడం తర్కం ప్రకారమే అసాధ్యం. ఆ తీర్పుకు కావలసిన సమాచారం వాటిలో లేదు.

అలాగని డిస్కుల విలువ తగ్గిపోలేదు. అవి ఒక మాత్రిక గురించి కాకుండా, అవే పరమ మూల్యాలతో ఏ గుర్తులు వేసినా వచ్చే కుటుంబం మొత్తం గురించి మాట్లాడతాయి. భారాలు వేసుకునే స్వేచ్ఛ ఉంటే ఆ కుటుంబం గురించి వాటి తీర్పు రెండు వైపులా కచ్చితం. డిస్కులన్నిటినీ ఒకటి లోపలికి తెచ్చే భారాలు దొరికితే కుటుంబంలో ప్రతి మాత్రికకూ జాకోబీ పనిచేస్తుంది. దొరకకపోతే కుటుంబంలో కనీసం ఒకదానికి పనిచేయదు. మీ చేతిలో ఉన్నది ఆ ఒకటేనా కాదా అన్నది గుర్తులు చూసి తేల్చాలి. మన మొదటి ఉదాహరణలో వికర్ణానికి బయట ఉన్నవన్నీ ధన సంఖ్యలే, J అంటే −B, అందుకే అక్కడ డిస్కులు చెప్పిందే తుది మాట అయింది.

జాకోబీ స్వయంగా ఈ విషయంలో మనకన్నా జాగ్రత్తగా ఉన్నాడు. 1845లో కనిష్ఠ వర్గాల సమీకరణాల కోసం ఈ ఇటరేషన్‌ను ప్రకటించినప్పుడు, వికర్ణానికి బయట పెద్ద గుణకాలుంటే వాటిని ముందు భ్రమణాలతో తగ్గించి, ఆ తర్వాతే ఇటరేషన్ మొదలుపెట్టమన్నాడు. వచ్చిన రూపం బాగాలేకపోతే చరరాశులను మార్చడం అన్న ఆలోచన ఆయన పద్ధతిలో మొదటి నుంచీ ఉంది. సిలబస్‌లోకి వచ్చేసరికి అది జారిపోయింది.

ఇక మూడో రకం పరిస్థితి. వరుస తప్పదు, అలాగని గెలవదు కూడా. ఒక కడ్డీలో ఉష్ణోగ్రత లెక్కించడానికి కడ్డీని సమాన ముక్కలు చేస్తే, ప్రతి లోపలి బిందువుకూ −1, 2, −1 అన్న వరుస వస్తుంది. J డిస్క్ వ్యాసార్ధం సరిగ్గా 1. రెండు చివరల వరుసల్లో మాత్రం పక్కన ఒక్క −1 ఉంటుంది కాబట్టి అక్కడ వ్యాసార్ధం 0.5. లోపలి డిస్కులు ఒకటి వృత్తాన్ని తాకుతున్నాయి, ఐగెన్ విలువ ఆ అంచు మీదే ఉండవచ్చు కదా అన్న అనుమానం వస్తుంది. దీన్ని తీర్చే వాదనను ఓల్గా టౌస్కీ 1949లో రాసిన వ్యాసంతో ప్రచారంలోకి తెచ్చారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండ్ నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో విమానాల ఫ్లట్టర్, అంటే గాలి ఒత్తిడికి రెక్కలు అదిరిపోవడం, లెక్కల మీద పనిచేస్తూ గెర్ష్‌గోరిన్ డిస్కులను చేతితో వాడిన గణితవేత్త ఆవిడ. వాదన ఇది: ఒక బిందువు నుంచి పక్క బిందువులకు, అక్కడి నుంచి ఇంకో పక్కకు అలా గుణకాల గొలుసు మొత్తం కలిసి ఉంటే, అంచు మీద పడ్డ ఐగెన్ విలువ ప్రతి డిస్క్ అంచు మీదా పడాలి. చివరి డిస్కుల అంచు 0.5 దగ్గర ఉంది. ఒకటి మీద ఉన్నది 0.5 మీద ఉండలేదు. కాబట్టి కన్వర్జ్ అవుతుంది.

చాలా నోట్సులు ఇక్కడ "కన్వర్జెంట్" అని రాసి ఆపేస్తాయి. నాకు అది అసంపూర్ణ జవాబు. n లోపలి బిందువులుంటే i-వ బిందువుకు sin(iπ/(n+1)) భారం వేయండి. రెండు పక్కల సైన్ల సగటు cos(π/(n+1)) రెట్లు మధ్య సైన్ కాబట్టి, చివరి వరుసలతో సహా అన్ని డిస్కుల వ్యాసార్ధమూ ఒకటే అవుతుంది: cos(π/(n+1)). స్పెక్ట్రల్ రేడియస్ సరిగ్గా అదే. తొమ్మిది బిందువులకు అది 0.951, ఒక్కో దశాంశ స్థానానికి సుమారు 46 అడుగులు. తొంభై తొమ్మిది బిందువులకు 0.9995, ఒక్కో దశాంశ స్థానానికి సుమారు 4,665 అడుగులు. పది రెట్లు సన్నగా కోస్తే అడుగులు వంద రెట్లు పెరిగాయి. ఈ మాత్రిక ఎక్కడా పరీక్ష తప్పలేదు, అయినా జాకోబీతో దీన్ని సాధించమని నేను ఎవరికీ చెప్పను. ఆన్సర్ కీ కొట్టిపారేసిన మొదటి ఉదాహరణకు మాత్రం ఏడు అడుగులకొక స్థానం చొప్పున హాయిగా చెబుతాను.